కలెక్ట్ రిక్వెస్ట్: పిన్ కొడితే డబ్బు ఎటు వెళ్తుంది?

యూపీఐ ద్వారా డబ్బు రెండు విధాలుగా కదులుతుంది. చెల్లించే వ్యక్తి తానే మొదలుపెట్టి పంపడం మొదటిది. డబ్బు కావలసిన వ్యక్తి "నాకు ఇంత చెల్లించండి" అని అవతలివారి ఫోనుకు అభ్యర్థన పంపడం రెండవది. ఈ రెండవ దానినే కలెక్ట్ రిక్వెస్ట్ అంటారు. రెండింటిలోనూ డబ్బు వెళ్ళేది పిన్ కొట్టినవారి ఖాతా నుండే. లావాదేవీని ఎవరు మొదలుపెట్టారన్నది ఒక్కటే తేడా.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి కుటుంబానికి కొల్లేరు లంక గ్రామంలో చేపల చెరువు ఉంది. చెరువు నీటికి గాలి అందించే పాత ఏరియేటర్‌ను 18,000 రూపాయలకు అమ్ముతామని అతను 2025 వేసవిలో ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చాడు. ఏలూరు దగ్గర చెరువు లీజుకు తీసుకున్నానంటూ ఒకాయన ఫోన్ చేశాడు. బేరమాడలేదు. (పాత సామాను బేరం లేకుండా కొనేవాళ్ళు మన ప్రాంతంలో అరుదు!) నమ్మకం కోసమని ముందుగా 5 రూపాయలు పంపాడు. అవి విద్యార్థి ఖాతాలో జమ అయ్యాయి. కాసేపటికి మళ్ళీ ఫోన్ వచ్చింది: "తమ్ముడూ, అడ్వాన్సు రెండు వేలు పంపించాను. యాప్‌లో వచ్చింది చూడు. పిన్ కొట్టి తీసుకో."

యాప్ తెరిస్తే 2,000 రూపాయల అంకె, దాని కింద "Advance received" అనే మాట, ఆ కింద Decline, Pay అనే రెండు మీటలు కనిపించాయి. ఇక్కడ ఆ మధ్య మాటను గమనించండి. అది బ్యాంకు రాసినది కాదు. అభ్యర్థన పంపే వ్యక్తి తనకు నచ్చిన వాక్యాన్ని అక్కడ టైపు చేయవచ్చు. యాప్ స్వయంగా చెబుతున్నది Pay అనే మీటలో ఉంది. ఆ కంగారులో విద్యార్థి మీట నొక్కి పిన్ కొట్టాడు.

ఆ క్షణంలో ఏమి జరిగిందో చూద్దాం. అతను కొట్టిన పిన్ సంకేతరూపంలోకి మారి, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థ గుండా అతని బ్యాంకుకు చేరింది. బ్యాంకు పిన్‌ను సరిచూసి, అతని ఖాతాకు 2,000 రూపాయలు డెబిట్ రాసింది. తరువాత అవతలి బ్యాంకు అభ్యర్థన పంపిన వ్యక్తి ఖాతాకు అంతే మొత్తం క్రెడిట్ రాసింది. ఈ మార్గంలో పిన్‌ను సరిచూసేది డెబిట్ రాయవలసిన బ్యాంకు మాత్రమే. క్రెడిట్ రాసే బ్యాంకుకు పిన్‌తో పని లేదు.

చెక్కుతో పోల్చితే ఇది సులభంగా అర్థమవుతుంది. మీ ఖాతాలో డబ్బు వేయడానికి మీ ఖాతా నంబరు తెలిస్తే చాలు, మీ సంతకం అక్కర్లేదు. మీ చెక్కు మీద ఎవరైనా తన పేరు, మొత్తం రాసుకుని వచ్చి "సంతకం చేయండి, మీకు డబ్బు వస్తుంది" అంటే నవ్వుతాం. కలెక్ట్ రిక్వెస్ట్ అలా నింపి తెచ్చిన చెక్కు, పిన్ మీ సంతకం. మన విద్యార్థికి ఆధారం ముందే చేతికి అందింది: 5 రూపాయలు వచ్చినప్పుడు యాప్ అతన్ని ఏ పిన్నూ అడగలేదు.

ఒక చిన్న సవరణ అవసరం. ఖాతాలో నిల్వ చూసుకోవడానికి కూడా పిన్ అడుగుతారు, అప్పుడు డబ్బు పోదు. కాబట్టి "పిన్ అడిగితే డబ్బు పోయినట్టే" అనడం సరికాదు. "డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు" అన్న మాటకు మాత్రం మినహాయింపు లేదు.

ఈ తరహా మోసాల వల్లనే వ్యక్తికీ వ్యక్తికీ మధ్య కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ బ్యాంకులను, యాప్‌లను ఆదేశించింది. అంతకుముందు వీటికి ఒక్కోసారికి 2,000 రూపాయల పరిమితి ఉండేది. అయితే ఆ ఆదేశం వ్యాపార ఖాతాలకు వర్తించలేదు. నెలనెలా డబ్బు కోసుకునే ఆటోపే అనుమతులు కూడా ఇదే రకం తెర మీద వస్తాయి. "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది" అనే మాట కూడా అదే మోసానికి మరో రూపం. స్కాన్ చేసేది చెల్లించే పక్షం.

పిన్ కొట్టిన తరువాత యాప్‌లో వెనక్కి తీసుకునే మీట లేదు. బ్యాంకు పుస్తకాలలో అది ఖాతాదారు స్వయంగా అనుమతించిన చెల్లింపుగానే కనిపిస్తుంది. అందుకే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ వివరాలలో కనిపించే 12 అంకెల యూటీఆర్ సంఖ్యను సిద్ధంగా ఉంచుకుని, మీ బ్యాంకుకూ తెలియజేయాలి. ఆ డబ్బు మోసగాడి ఖాతాలో ఇంకా ఉంటే దానిని అక్కడే స్తంభింపజేసే వీలుంటుంది. అతను దానిని ఇంకో ఖాతాకు మళ్ళించినా, ఏటీఎంలో తీసుకున్నా, రాబట్టడం చాలా కష్టం.