అయిదు నిమిషాలు, 104 బస్తీలు

పీహెచ్‌డీ వైవాకు వచ్చే పరీక్షకులు సిద్ధాంత గ్రంథాన్ని ముందే చదివి ఉంటారు. ఆ గదిలో అభ్యర్థి చేసే అయిదు నిమిషాల ప్రారంభ ప్రసంగం వాళ్లకు కొత్త సంగతులు చెప్పడానికి కాదు, తన పరిశోధనలో గట్టిదేదో, పలచనిదేదో తనకు తెలుసని చూపించడానికి. తెలుగులో నింపాదిగా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు. మొత్తం కలిపి 500. ప్రశ్న, సమాచారం, ఫలితం, పరిమితి అన్నీ అందులోనే ఇమడాలి.

హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మ రుణాలపై జరిగిన అధ్యయనాన్ని తీసుకుందాం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ కలిసి చేసిన ఈ పని 2015లో పత్రంగా అచ్చయింది. దీన్నే ఓ అభ్యర్థి తన సిద్ధాంత గ్రంథంగా సమర్పిస్తున్నాడనుకుంటే ప్రసంగం ఎలా నడవాలి?

మొదలు ప్రశ్నతోనే. మైక్రోఫైనాన్స్ చరిత్ర, పేదరికంపై ఉపోద్ఘాతం మొదలుపెడితే తొలి నిమిషం అక్కడే కరిగిపోతుంది. ‘ఒక బస్తీలో మహిళలకు గ్రూపు రుణాలు అందుబాటులోకి వస్తే అక్కడి కుటుంబాల వ్యాపారం, ఖర్చు మారతాయా?’ అంటే చాలు. ఆ వెంటనే, దీనికి జవాబు తేలిగ్గా ఎందుకు దొరకదో ఒక్క వాక్యంలో చెప్పాలి. అప్పు తీసుకునేవాళ్లలో ముందునుంచే చొరవ ఎక్కువ ఉండొచ్చు. వాళ్లను తీసుకోనివాళ్లతో పోలిస్తే తేడా అప్పుదో, చొరవదో తేలదు.

సమాచారం గురించి చెప్పేటప్పుడు ఆ చిక్కు ఎలా విడిందో చెప్పాలి. 104 బస్తీల్లో లాటరీ పద్ధతిలో 52 ఎంచి, ముందు వాటిలోనే స్పందన సంస్థ శాఖలు తెరిచింది. ఆరు నుంచి పదిమంది మహిళలకు ఒక గ్రూపు. తొలి అప్పు 10,000 రూపాయలు, 50 వారాల్లో తీర్చాలి. ఏడాదిన్నర లోపు 6,800కు పైగా కుటుంబాలను సర్వే చేశారు. ప్రసంగంలో ఇంతకు మించి అంకెలు అక్కర్లేదు.

అసలు పరీక్ష ఫలితాల దగ్గరే. శాఖలు తెరిచిన బస్తీల్లో 26.7 శాతం కుటుంబాలకు సూక్ష్మ రుణం ఉంటే, మిగతా బస్తీల్లో 18.3 శాతానికి ఉంది. వేరే సంస్థలు అక్కడికీ వచ్చేశాయి మరి. ఈ 8.4 తేడాను ‘శాతం’ అని నోరు జారితే పరీక్షకులు అక్కడే ఆపుతారు. అవి శాతాంశాలు. అప్పటికే ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి, లాభం పెరిగాయి. ఇంటికి కావలసిన మన్నికైన వస్తువులపై ఖర్చు పెరిగింది. పొగాకు, మద్యం లాంటి వాటిపై తగ్గింది. మొత్తం వినియోగంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆరోగ్యం, చదువు, మహిళల సాధికారతలోనూ అంతే.

ఇక్కడ చాలామంది ‘కాబట్టి సూక్ష్మ రుణాల వల్ల ప్రయోజనం లేదు’ అని ముక్తాయిస్తారు. అది తప్పు. అధ్యయనం కొలిచింది అప్పు తీసుకున్నవాళ్లలో మార్పును కాదు, బస్తీ మొత్తం సగటును. ప్రతి వంద ఇళ్లలో అదనంగా అప్పు అందినవి ఎనిమిదికి కాస్త ఎక్కువ. బస్తీ సగటున నెలకు పది రూపాయల ఖర్చు పెరిగిందనుకుని, ఆ పెరుగుదలంతా ఆ కొద్ది ఇళ్లదే అనుకుంటే, ఒక్కో ఇంటికి దాదాపు 120 రూపాయలవుతుంది. అంటే సగటులో కనపడనంత చిన్న మార్పు వెనక, కొన్ని ఇళ్లలో పెద్ద మార్పే దాగి ఉండవచ్చు. అందుకే ఈ పరిమితిని చివరి నిమిషం దాకా దాచకుండా, ఫలితం చెప్పిన నోటితోనే చెప్పాలి: ‘రుణం అందుబాటులోకి రావడం వల్ల బస్తీ సగటు వినియోగంలో మార్పు కనిపించలేదు. రుణగ్రహీతల్లో మార్పు లేదని దీని అర్థం కాదు.’ ఈ రెండు వాక్యాలకు పది సెకన్లు పట్టవు. ప్రసంగంలో అన్నిటికంటే విలువైనవి ఇవే.

మిగిలిన పరిమితుల్లో రెండు చాలు. మొదటిది, ఆరంభ సర్వేలోని కుటుంబాలనే తర్వాత వెంబడించలేదు. కాబట్టి ఫలానా ఇల్లు అప్పట్లో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉందని చెప్పే వీలు లేదు. రెండోది కాలానికి సంబంధించింది. రెండేళ్ల తర్వాత మళ్లీ చూసేసరికి మిగతా బస్తీలకూ రుణాలు చేరాయి, తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. ఆ రెండో సర్వే పోల్చింది ఎక్కువ కాలం అప్పు అందినవాళ్లను, తక్కువ కాలం అందినవాళ్లను.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక మైక్రోఫైనాన్స్ వసూళ్లు కుప్పకూలాయి. తెలుగు నేలపై ఏ పరీక్షకుడైనా దాని గురించి అడుగుతాడు. ఆ జవాబును ప్రసంగంలో ఇరికించకుండా ప్రశ్నల సమయానికి ఉంచుకోవడం మేలు. ఎందుకంటే ఈ సమాచారం ఒక నగరంలోని బస్తీలది, రుణాలు ఊపుగా విస్తరిస్తున్న రోజులది. పల్లెల్లో అప్పుల మీద అప్పులు పడి ఏమైందో ఈ 104 బస్తీల లెక్క చెప్పలేదు.