అమ్మింది రూ.26,500... అందింది రూ.19,257!

మంగళగిరి చీరలను ఇన్‌స్టాగ్రామ్‌లో, సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. శుక్ర, శని, ఆదివారాల్లో కలిపి ఆర్డర్ల పుస్తకంలో రూ.26,500 పడింది. మంగళవారం పేమెంట్ గేట్‌వే యాప్ తెరిస్తే, ఆ మూడు రోజులకూ కలిపి సెటిల్‌మెంట్ రూ.19,257.20 అని కనిపించింది. ఆవిడ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో అకౌంటెంటుకు పంపేశారు. రూ.7,242.80 తేడా. ఎవరూ మోసం చేయలేదు, ఒక్క పైసా పోలేదు. కానీ స్క్రీన్‌షాట్‌ను ఎంతసేపు చూసినా ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియదు. ఎందుకంటే అది చివరి మొత్తాన్ని మాత్రమే చెబుతుంది, అక్కడికి ఎలా చేరిందో చెప్పదు.

ముందు డబ్బు నడిచే దారి చూద్దాం. కొనుగోలుదారు కార్డుతోనో యూపీఐతోనో కట్టిన సొమ్ము నేరుగా అమ్మకందారు ఖాతాకు రాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, దాన్ని గేట్‌వే సంస్థ బ్యాంకులో ప్రత్యేకంగా తెరిచిన ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. అక్కడి నుంచి ఒప్పందంలో రాసుకున్న గడువుకు, కోతలు పోగా మిగిలింది పంపుతారు. చాలా ఒప్పందాల్లో ఈ గడువు ‘టీ ప్లస్ 2’, అంటే చెల్లింపు జరిగిన రోజు తర్వాత రెండు పనిదినాలు. మన ఉదాహరణలో అది రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. అందుకే శుక్రవారం సొమ్ము, శనివారం సొమ్ము, ఆదివారం సొమ్ము మూడూ కలిసి మంగళవారమే వచ్చాయి. బ్యాంకులో పడిన ఒక్క మొత్తాన్ని ఏదో ఒక రోజు అమ్మకంతో సరిపోల్చబోతే లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇప్పుడు తేడాను విడదీద్దాం. ఆర్డర్ల పుస్తకంలోని రూ.26,500లో రూ.3,500 క్యాష్ ఆన్ డెలివరీ. ఆ సొమ్ము కొరియర్ సంస్థ నుంచి రావాలి, గేట్‌వేకు దానితో సంబంధమే లేదు. మిగిలింది రూ.23,000. దీనిపై ఒప్పందం ప్రకారం 2 శాతం రుసుము అనుకుంటే రూ.460. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ రూ.82.80. ఈ రెండూ పోతే రూ.22,457.20. సోమవారం ఒక కస్టమర్ అంతకు ముందు వారం కొన్న రూ.3,200 చీర తిప్పి పంపితే రీఫండ్ ఇచ్చారు. గేట్‌వే దాన్ని ఆవిడ బ్యాంకు ఖాతా నుంచి అడగదు, రాబోయే సెటిల్‌మెంట్‌లోంచే మినహాయించుకుంటుంది. రూ.22,457.20లోంచి అదీ తీసేస్తే రూ.19,257.20. పైసాతో సహా సరిపోయింది.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. రీఫండ్ ఇచ్చినప్పుడు కస్టమర్‌కు పూర్తి రూ.3,200 వెళ్తుంది. కానీ మొదట ఆ అమ్మకం మీద కోసుకున్న రూ.75.52 రుసుమును, దానిపై జీఎస్టీతో కలిపి, గేట్‌వేలు సాధారణంగా వెనక్కి ఇవ్వవు. చీర తిరిగి వచ్చినా ఆ ఖర్చు మిగిలిపోతుంది. అమ్మకాన్నీ రుసుమునూ కలిపి కొట్టేస్తే ఆ రూ.75.52 ఎక్కడా కనబడక, నెలాఖరులో తేడాగా తేలుతుంది.

అయితే ప్రతి చెల్లింపునూ 2 శాతంతో గుణించి తేల్చేద్దామనుకోకండి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా, రూపే డెబిట్ కార్డు ద్వారా చేసే చెల్లింపులపై 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేదు. అయినా గేట్‌వే తన సేవకు వేరే రుసుము వేస్తుందా లేదా అన్నది మీ ఒప్పందం చూస్తేనే తెలుస్తుంది. విదేశీ కార్డుకు ఒక రేటు, ఈఎంఐకి మరో రేటు ఉండొచ్చు. కాబట్టి అంచనా వేయకుండా, ఒక్కో చెల్లింపు పక్కన ఉన్న రుసుమును చదువుకోవాలి.

అది చదవాలంటే స్క్రీన్‌షాట్ చాలదు. గేట్‌వే డాష్‌బోర్డులోంచి సెటిల్‌మెంట్ రిపోర్టును ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో దించుకోవాలి. అందులో ప్రతి చెల్లింపుకూ, ప్రతి రీఫండ్‌కూ ఒక వరుస ఉంటుంది. ఉదాహరణకు రేజర్‌పే రిపోర్టులో చెల్లింపు నంబరు `pay_` అని, రీఫండ్ `rfnd_` అని, సెటిల్‌మెంట్ `setl_` అని మొదలవుతాయి. సెటిల్‌మెంట్ పక్కనే యూటీఆర్ నంబరు ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటులోనూ అదే నంబరు కనబడాలి. ఆర్డరును చెల్లింపు నంబరుతో, చెల్లింపును సెటిల్‌మెంట్‌తో, సెటిల్‌మెంట్‌ను యూటీఆర్ ద్వారా బ్యాంకుతో కలుపుకుంటూ పోవాలి. తేదీలను బట్టో మొత్తాలను బట్టో కలపకూడదు. ఒకే ధర చీరలు ఒకే రోజు నాలుగు అమ్ముడైతే, మొత్తం చూసి ఏది ఏదో చెప్పలేం. ఒకే స్క్రీన్‌షాట్ రెండుసార్లు పంపితే అది రెండుసార్లు జమ అయ్యే ప్రమాదం కూడా ఉంది. యూటీఆర్ రాసుకునే చోట ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది.

ఇక పద్దు రాసే పద్ధతి. కిరాణా కొట్టులో బాకీదారుకు ఒక పేజీ కేటాయించినట్టు, ఖాతాల్లో గేట్‌వేకు ఒక పేజీ పెట్టండి. ఆన్‌లైన్ అమ్మకం జరిగిన రోజే పూర్తి మొత్తం ఆ పేజీలో రావలసిన సొమ్ముగా రాయండి. మన ఉదాహరణలో రూ.23,000. సోమవారం మరో రూ.6,000 అమ్మారు, మంగళవారం ఆర్డర్లేవీ రాలేదు అనుకుందాం. పేజీలో మొత్తం రూ.29,000. అందులోంచి రుసుము, జీఎస్టీ కలిపి రూ.542.80, రీఫండ్ రూ.3,200, బ్యాంకుకు చేరిన రూ.19,257.20 తీసేయండి. మిగిలేది రూ.6,000. అది సోమవారపు అమ్మకం, ఇంకా రావలసిన సొమ్ము. డాష్‌బోర్డులో సెటిల్ కాని చెల్లింపుల జాబితా కూడా రూ.6,000 చూపిస్తే మీ లెక్క సరైనది.

సరిపోకపోతే తేడాయే దారి చూపిస్తుంది. తేడా ఒక ఆర్డరు ధరకు సమానంగా ఉంటే, రాయడం మరిచిన రీఫండో, కస్టమర్ తన బ్యాంకుకు ఫిర్యాదు చేయడంతో గేట్‌వే మినహాయించిన చార్జ్‌బ్యాకో అయి ఉంటుంది. లేదా చెల్లింపు ‘ఆథరైజ్డ్’ దగ్గరే ఆగిపోయి ‘క్యాప్చర్’ కాకపోయి ఉండొచ్చు. అలాంటి సొమ్ము గడువు దాటాక కస్టమర్‌కే వెళ్లిపోతుంది. సరుకు పంపేముందే ఆ స్థితి చూసుకోవాలి. తేడా ఒక ఆర్డరు ధరకు రెట్టింపు ఉంటే, రీఫండ్‌ను తీసేయాల్సింది పోయి కలిపేశారన్నమాట.

బ్యాంకులో పడిన నికర మొత్తాన్నే అమ్మకంగా చూపించేవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. అది తప్పు. జీఎస్టీ రిటర్నులో చూపాల్సింది గేట్‌వే రుసుము తీయకముందున్న అమ్మకం. రుసుము మీ ఖర్చు. దానిపై కట్టిన జీఎస్టీకి, రెగ్యులర్ పద్ధతిలో నమోదై ఉంటే, గేట్‌వే ఇచ్చే ఇన్వాయిస్ ఆధారంగా క్రెడిట్ తీసుకోవచ్చు. తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోటు రాయాలి. మార్చి 31న అమ్మినది ఏప్రిల్‌లో అందినా, అది మార్చి అమ్మకమే.

ఈ పని నెలాఖరుకు వాయిదా వేయకండి. వారానికోసారి రిపోర్టు దించి, గేట్‌వే పేజీలో మిగిలిన మొత్తాన్ని సెటిల్ కాని చెల్లింపుల జాబితాతో సరిచూడండి. ఆ రెండూ పైసాతో సహా కలిసేదాకా ఆ వారం లెక్క ముగిసినట్టు కాదు.