తెల్లజుట్టు నల్లబడాలంటే

షష్టిపూర్తి ఫ్లెక్సీ ఎక్కడైనా కనిపిస్తే దంపతుల తలల వైపు ఒకసారి చూడండి. మొహం మీద ముడతలు ఎక్కడివక్కడే ఉంటాయి. జుట్టు మాత్రం తారు పూసినట్టు ఒకటే నలుపు, నుదుటి దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. "అమ్మ జుట్టు కాస్త నల్లగా చేసివ్వండి" అని పిల్లలు అడుగుతారు. డిజైనరు నల్ల బ్రష్షు తీసుకుని రుద్దేస్తాడు. ఫోటో స్టూడియోల్లో ఇది మామూలు పనే, చెడేది కూడా ఇక్కడే.

ఒక ఫోటో తీసుకుందాం. అరవై దాటినావిడ, లేత నీలం సున్నం గోడ ముందు నిలబడ్డారు. కిటికీ వెలుతురు ఎడమవైపు నుంచి పడుతోంది. కణతల దగ్గర జుట్టు దాదాపు తెలుపు, వెనక్కి పోయేకొద్దీ నలుపూ తెలుపూ కలిసిపోయాయి. నడినెత్తిన పాపిట, ముడి చుట్టూ మల్లెపూలు. ఫోటో నడుము పైనుంచి, 24 మెగాపిక్సెల్ కెమెరాతో నిలువుగా తీసింది.

ముందు చిన్న లెక్క. ఆ ఫోటో ఎత్తు 6000 పిక్సెళ్లు. అందులో పట్టిన మనిషి ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు అనుకుంటే, మిల్లీమీటరుకు 8 పిక్సెళ్లు వస్తాయి. మనిషి వెంట్రుక మందం అటూ ఇటూగా 0.07 మిల్లీమీటరు. అంటే ఒక్క వెంట్రుకకు దక్కేది అర పిక్సెలే. అంచున విడిగా ఎగిరే వెంట్రుక ఉన్న ప్రతి పిక్సెల్‌లోనూ సగం జుట్టు, సగం గోడ కలిసిపోయి ఉంటాయి. "ఇక్కడిదాకా జుట్టు, ఇక్కడినుంచి గోడ" అని గీత గీయడానికి అసలు చోటే లేదు. గీత గీసి ఎంపిక చేసిన జుట్టు విగ్గులా కనిపించేది అందుకే.

ఇక రంగు సంగతి. నల్ల బ్రష్షుతో రుద్దితే వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య ఉన్న తేడా చచ్చిపోతుంది. ఉన్న తేడాను ఉంచి, మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో కిందికి దింపాలి. ఫోటోషాప్‌లో ఆ పనికి Curves లేయరు ఉంది. దాని కుడి పై కొసను పట్టుకుని 255 నుంచి 90 దాకా దింపితే ప్రతి వెలుగూ మూడోవంతు చిల్లరకు పడిపోతుంది. 200 వెలుగున్న తెల్ల వెంట్రుక 70కి వస్తుంది, 30 ఉన్న నల్ల వెంట్రుక 10కి చేరుతుంది. రెండూ నలుపే, కానీ ఒకటి కాదు. పాయలు పాయలుగానే ఉంటాయి. తెల్లజుట్టులో సాధారణంగా కాస్త పసుపు ఉంటుంది కాబట్టి, దింపాక అది ఖాకీ ఛాయకు తిరుగుతుంది. Hue/Saturationలో రంగు గాఢతను 40 దాకా తగ్గిస్తే సరిపోతుంది. పూర్తిగా తీసేస్తే డై వేసిన నలుపు వస్తుంది, గోధుమ ఛాయ రవ్వంత మిగలాలి.

ఈ మార్పు జుట్టుకే పరిమితం కావాలంటే మాస్క్ కావాలి. మాస్క్ అంటే మార్పు ఎక్కడ ఎంత పడాలో చెప్పే నలుపు తెలుపు పటం. తెల్లగా ఉన్నచోట పూర్తిగా పడుతుంది, నల్లగా ఉన్నచోట అసలు పడదు, బూడిద రంగున్నచోట కొంత పడుతుంది. అర పిక్సెల్ వెంట్రుకకు కావలసింది ఆ బూడిద రంగే. అంచున వెంట్రుక 200, గోడ 180 అనుకుంటే కలిసిన పిక్సెల్ 190 ఉంటుంది. వెంట్రుక మాత్రమే నల్లబడితే అది 125 కావాలి. మాస్క్ అక్కడ పూర్తి తెల్లగా ఉంటే 67కి పడిపోతుంది, అంచు మందంగా, మురికిగా తేలుతుంది. మాస్క్ సగం బూడిదగా ఉంటే 128 వస్తుంది. ఆ మూడు అంకెల తేడాను కన్ను పట్టలేదు.

ఇంత సన్నని బూడిద రంగును చేత్తో దిద్దలేం గానీ, ఫోటోలోనే అది దాగి ఉంది. Channels ప్యానెల్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే చూడండి. మన గోడ లేత నీలం కాబట్టి Redలో అది కాస్త నల్లబడుతుంది, దాని ముందు తెల్ల వెంట్రుకలు మెరుస్తూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ ఛానెల్‌కు కాపీ తీసి, Ctrl+L నొక్కి Levelsతో గోడను నలుపు వైపు, వెంట్రుకలను తెలుపు వైపు నెట్టాలి. చాలామంది చెడగొట్టుకునేది ఈ మెట్టు దగ్గరే. గోడ పూర్తిగా నల్లబడేదాకా నెడితే సన్నని వెంట్రుకలు కూడా దానితోపాటే పోతాయి. అంచున బూడిద ఇంకా బతికి ఉండగానే ఆపేయాలి. తల లోపలి నల్ల వెంట్రుకలు ఈ ఛానెల్‌లో నల్లగానే పడతాయి, వాటిని తెల్ల బ్రష్షుతో నింపేయవచ్చు, అక్కడ అంచుల గొడవ లేదు. మొహం, చీర మీద నలుపు. మల్లెపూలు ఎలాగూ తెల్లగా దూరిపోయి ఉంటాయి, చిన్న బ్రష్షుతో ఓపిగ్గా తప్పించాలి, లేకపోతే పూలు బొగ్గుల్లా తేలతాయి. ఆపైన ఛానెల్ బొమ్మ మీద Ctrl పట్టుకుని నొక్కి Curves లేయరు వేస్తే, అదే మాస్క్‌గా కూర్చుంటుంది.

నుదుటి దగ్గర మాత్రం ఈ ఛానెల్ ఆదుకోదు. ఇందులో తెల్ల వెంట్రుకకూ వెలుగు పడిన చర్మానికీ తేడా తక్కువ. అక్కడ మెత్తటి బ్రష్షు, 20 శాతం బలం, పదే పదే చిన్న తాకిళ్లు. పాపిటలో చర్మం చర్మంలాగే కనబడాలి. కణతల దగ్గర ఓ నాలుగు తెల్ల వెంట్రుకలు వదిలేయడం మంచిది. కనుబొమలు నెరిసి ఉండగా తల ఒక్కటే నిగనిగలాడితే, చూసేవాడికి కారణం తెలియకపోయినా అనుమానం వస్తుంది.

ఇప్పటికి జుట్టు నల్లబడింది, కానీ నిర్జీవంగా ఉంటుంది. ఎందుకంటే Curves తెల్ల వెంట్రుకలతోపాటు మెరుపునూ దింపేసింది. వెంట్రుక పైపొర నుంచి తిరిగొచ్చే మెరుపుకు జుట్టు రంగు అంటదు, అది వెలుతురు రంగులోనే ఉంటుంది. లోపలికి దూరి వెనక్కొచ్చే వెలుగుకే జుట్టు రంగు పడుతుంది. స్టీఫెన్ మార్ష్‌నర్ బృందం 2003లో ఈ రెండు మెరుపులనూ వేరు చేసి లెక్కగట్టింది, సినిమా గ్రాఫిక్స్‌లో జుట్టు ఆ లెక్కతోనే ఎంతో మెరుగుపడింది. మన పనికి అర్థం ఏమిటంటే, నల్లజుట్టు మీద పడ్డ మెరుపు దాదాపు తెల్లగానే ఉండాలి. తెల్ల వెంట్రుక ఏది, మెరుపు ఏది అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పలేదు, రెండూ ఒకే వెలుగు. మనమే చూడాలి: కిటికీ ఎడమన ఉంది, తల వంపు తిరిగేచోట మెరుపు పట్టీ అడ్డంగా పడుతుంది. ఆ పట్టీ వెంబడి మాస్క్‌ను పాయల దిశలో పావు వంతు చెరిపితే జుట్టుకు ప్రాణం వస్తుంది.

చివరగా ఎగిరే వెంట్రుకలు. గోడ వెలుగులో కలిసిపోయి ఫోటోలో పడనివి కొన్ని ఉంటాయి, లేనిదాన్ని నల్లబరచలేం. మెడ వెనకా ముడి చుట్టూ అంచు నున్నగా తోస్తే, ఒకటి రెండు పిక్సెళ్ల బ్రష్షుతో, పక్క జుట్టు రంగే తీసుకుని, కొసకు సన్నబడేలా కొన్ని గీయాలి. కుదుళ్లు వేర్వేరు చోట్ల, పొడవులు వేర్వేరు. జడ పొడవు పెంచమన్నా ఇదే సూత్రం, మొద్దుగా ముగిసిన కొస వెంటనే పట్టిస్తుంది. పొట్టి చేయడం ఇంకా కష్టం, జుట్టు కింద దాగిన భుజం ఎలా ఉందో ఫోటోకి తెలియదు. అదే రోజు తీసిన మరో ఫోటోలో ఆ భుజం కనిపిస్తే తప్ప ఒప్పుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇంత శ్రమ ఎక్కడ పెట్టాలో కూడా చూసుకోవాలి. 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీని జనం చేతిలో పట్టుకుని చూస్తారు, అంచుల పని అంతా అక్కడ కనిపిస్తుంది. పది అడుగుల ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు, ఎగిరే వెంట్రుకలు అక్కడ లెక్కలోకి రావు. దానికి మెరుపు పట్టీ, నుదుటి అంచు సరిగ్గా ఉంటే చాలు, మిగతా గంట మిగుల్చుకోవచ్చు.