డాబా మీద పాటలు, పక్కింట్లో నిద్ర

రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. గోవాలోని పాలోలెం బీచ్‌లో హెడ్‌ఫోన్ పార్టీలు పుట్టుకొచ్చింది ఈ ఆంక్ష వల్లే. మన అపార్ట్‌మెంట్ డాబా మీద అరవై మంది అలా పాటలు వినాలంటే ఏం కావాలి?

బ్లూటూత్‌తో పని జరగదు. ఫోనూ హెడ్‌ఫోనూ జతకట్టాక వాటి మధ్య సంభాషణ నడుస్తూనే ఉంటుంది: పంపిన ముక్క అందిందా, మళ్లీ పంపాలా అని. అందుకే ఫోన్ మామూలుగా ఒకటి రెండు హెడ్‌ఫోన్లకే పాట అందించగలదు. కొత్తగా వచ్చిన ఆరాకాస్ట్‌కు ఈ హద్దు లేదు కానీ, దానికి సరిపడే హెడ్‌ఫోన్లు అందరి దగ్గరా ఉండాలి. రేడియో ట్రాన్స్‌మిటర్ మాత్రం ఆకాశవాణి కేంద్రంలా పంపుతుందే తప్ప, ఎవరు వింటున్నారని అడగదు. ఆరుగురు విన్నా ఆరువందల మంది విన్నా దాని మీద భారం పెరగదు.

మన డాబాకు రెండు ఛానెళ్లు చాలు: ఒకదానిలో పాత పాటలు, ఇంకోదానిలో డాన్స్ పాటలు. ఛానెల్‌కు ఒక ట్రాన్స్‌మిటర్, దానికి వైరుతో కలిపిన ల్యాప్‌టాప్ లేదా ఫోన్. రెండింటి ఫ్రీక్వెన్సీలూ వేరుగా ఉండాలి. హెడ్‌ఫోన్ మీది బటన్ నొక్కితే ఛానెల్ మారుతుంది, లైటు రంగూ మారుతుంది. ఎవరు ఏ పాటకు ఆడుతున్నారో చూడగానే తెలిసిపోతుంది. మనిషి ఒళ్లు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది కాబట్టి, ట్రాన్స్‌మిటర్లను బల్ల మీద పెట్టకుండా తలలకంటే ఎత్తుగా స్టాండుకు బిగించాలి. పాట పంపే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే మెసేజ్ వచ్చిన చప్పుడు అందరి చెవుల్లోనూ పడుతుంది.

జనం రాకముందే ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని డాబా మూలమూలలా తిరిగి వినాలి. ఒక్క హెడ్‌ఫోన్‌లోనే గరగర వస్తే ముందు దాని ఛార్జింగ్ చూడాలి. ఒక మూలకు వెళ్లినప్పుడల్లా, ఏ హెడ్‌ఫోన్‌లోనైనా వస్తే స్టాండు జరపాలి. అన్నిటిలోనూ గొంతు చిరిగినట్టు వినబడితే ల్యాప్‌టాప్ వాల్యూమ్ ఎక్కువైందన్నమాట, తగ్గించాలి. ఆగని గుయ్‌మనే మోత ఉంటే ఛార్జర్ తీసి చూడాలి. మోత ఆగిందంటే అది కరెంటు లైను నుంచి వస్తోంది.

అద్దెకు తెచ్చేముందు ఒక మాట అడగాలి: ఈ సెట్ ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది? మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు, నిర్ణీత శక్తికి మించని పరికరాలకు లైసెన్స్ మినహాయింపు ఉంది. అమెరికా కోసం చేసిన సెట్లు 902 నుంచి 928 మధ్య నడుస్తాయి. ఆ పరిధిలో కొంత భాగం ఇక్కడ మొబైల్ కంపెనీలది. 88 నుంచి 108 వరకు ఉన్న ఎఫ్‌ఎం పట్టీలో లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం. కాబట్టి సెట్ వెనక ముద్రించిన అంకె చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి.