జీతం పెరగని బదిలీ: హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్

బదిలీ వద్దని హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడాలి. ‘కంపెనీ ఏ బ్రాంచికైనా బదిలీ చేయవచ్చు’ అనే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. అదుంటే ‘నేను వెళ్లను’ అని రాయడం ఆదేశ ధిక్కారం కింద లెక్కకు రావచ్చు. అందుకే మెయిల్ పునఃపరిశీలన కోరే విన్నపంగా ఉండాలి.

రాజమండ్రి బ్రాంచిలోని ఒక అకౌంటెంటును అదే జీతం మీద విశాఖపట్నం వెళ్లమన్నారనుకుందాం. మెయిల్‌లో ముందు బదిలీ ఉత్తర్వు తేదీ, వెంటనే కారణం రావాలి. ‘కుటుంబ పరిస్థితులు’ అంటే అవి ఎవరికి లేవు అనిపిస్తుంది. అదే ‘మా నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆస్పత్రికి తీసుకెళ్లేది నేనొక్కడినే. డాక్టరు ఇచ్చిన లెటరు జతచేశాను’ అంటే విషయం తేలిపోతుంది. రిపోర్టుల కట్టంతా పంపనక్కర్లేదు.

జీతం మాట ఆ తర్వాతే, అదీ లెక్కగా. రెండో ఇంటి అద్దె 9,000, రాకపోకలకు 3,000 అయితే నెలకు 12,000 రూపాయలు చేతినుంచి పడతాయి. ఇదే ముందు రాస్తే తండ్రి జబ్బు సాకులా కనిపిస్తుంది. పైగా కంపెనీ ఆ 12,000 ఇస్తామంటే కాదనడానికి నోరు రాదు!

చివర ఒక ప్రత్యామ్నాయం చూపాలి: నెలాఖరు లెక్కలకు రెండు రోజులు విశాఖ వెళ్లి రావడంలాంటిది. చేరాల్సిన తేదీలోగా జవాబు కోరాలి. జవాబు రాలేదని ఇంట్లో కూర్చుంటే గైర్హాజరు పడుతుంది. గడువు పొడిగింపో సెలవో రాతపూర్వకంగా అడగాలి.