పొంగు వచ్చాక మరో పది నిమిషాలు

పాకెట్ పాలు కాచాలా, అక్కర్లేదా అన్న వాదన చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని రాసి ఉంది కదా, గోరువెచ్చగా చేసి తోడు వేస్తే చాలు, గ్యాస్ దండగ ఎందుకు అంటారు కొందరు. చల్లగా భద్రపరిచిన తాజా పాకెట్ అయితే తాగడం వరకు ఆ మాట సబబే. పెరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది. గోరువెచ్చ పాలకు తోడు వేసినా తోడుకుంటాయి గానీ, గరిటె పెట్టగానే గడ్డ చెదిరి నీళ్లు ఊరతాయి. అవే పాలు కాచి, పొంగు వచ్చాక సన్న సెగ మీద ఇంకాసేపు ఉంచి, చల్లార్చి తోడు వేస్తే గరిటెతో తీసిన చోట గుంట గుంటలాగే నిలుస్తుంది.

కాచినప్పుడు నీరు ఇగిరి పాలు చిక్కబడతాయి కాబట్టి పెరుగు గట్టిగా వస్తుందని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. అయితే ఇగిరినంత నీటిని మళ్లీ కలిపి తోడు వేసినా, కాచిన పాల పెరుగే గట్టిగా ఉంటుంది. అంటే వేడి ఇంకేదో పని చేస్తోందన్నమాట. ఆ పని జరిగేది పాలలోని ప్రొటీన్ల మీద.

లీటరు ఆవు పాలలో సుమారు 33 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అందులో అయిదింట నాలుగు వంతులు కేసిన్. ఇది విడివిడిగా ఉండదు. వేల అణువులు కలిసి కంటికి కనపడనంత సన్నని రేణువులుగా పాలలో తేలుతుంటాయి. పాలు తెల్లగా కనిపించడానికి ప్రధాన కారణం ఈ రేణువులూ, వెన్న బిందువులూ. మిగిలిన అయిదో వంతు, అంటే లీటరుకు ఆరు గ్రాముల పైచిలుకు, వే ప్రొటీన్లు. ఇవి నీటిలో పూర్తిగా కరిగి ఉంటాయి. జిమ్‌కు వెళ్లేవాళ్లు డబ్బాల్లో కొనుక్కునే వే ప్రొటీన్ పొడి ఇదే. ఛీజ్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో పాలను ఎక్కువ కాచరు. అందువల్ల కేసిన్ గడ్డకట్టి ఛీజ్ అయినప్పుడు వే ప్రొటీన్లు అందులో చిక్కుకోకుండా నీటితో పాటు బయటికి వచ్చేస్తాయి. ఆ నీటి నుంచే పొడి తీస్తారు.

పచ్చి పాలకో, గోరువెచ్చ చేసిన పాకెట్ పాలకో తోడు వేసినప్పుడూ దాదాపు ఇదే జరుగుతుంది. తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. తాజా పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. పులుపు పెరిగేకొద్దీ ఆ అంకె దిగుతుంది. మామూలుగా కేసిన్ రేణువుల మీద ఉండే రుణావేశం వాటిని ఒకదానికొకటి అంటకుండా చూస్తుంది. పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తూ పోతుంది. పీహెచ్ 4.8 దరిదాపులకు వచ్చేసరికి రేణువులు అతుక్కోవడం మొదలై గడ్డ కడుతుంది. కానీ ఈ అతుకులు తక్కువ, బలహీనం. వాటి మధ్య ఖాళీలు పెద్దవి. ఆ ఖాళీల్లో నీరు నిలుస్తుంది గానీ, కదిపితే జారిపోతుంది. వే ప్రొటీన్లు ఆ కట్టడంలో ఎక్కడా పాలుపంచుకోకుండా నీటిలోనే ఉండి, నీటితోనే పోతాయి.

ఇప్పుడు వేడి సంగతి. వే ప్రొటీన్లలో సగం వరకు ఉండేది బీటా లాక్టోగ్లోబ్యులిన్. ఇది దారపు ఉండలాగా చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట లోపల, ఎవరికీ అందకుండా, గంధకం ఉన్న ఒక భాగం దాగి ఉంటుంది. పాల వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ చుట్ట వీడటం మొదలవుతుంది. దీన్నే డీనేచురేషన్ అంటారు. చుట్ట వీడగానే లోపలి గంధకం బయటపడుతుంది. అది ఖాళీగా ఉండదు, మరో గంధకాన్ని పట్టుకోవాలని చూస్తుంది. కేసిన్ రేణువు పైపొరలో కప్పా కేసిన్ అనే రకం ఉంటుంది. దానిలోనూ గంధకం ఉంది. రెండూ కలిసి గట్టి రసాయన బంధం ఏర్పడుతుంది. వీడిన ప్రొటీన్లు ఒకదానికొకటి కూడా ఇలాగే కలుసుకుంటాయి. చివరకు నీటిలో కరిగి తిరుగుతున్న వే ప్రొటీన్లలో చాలా భాగం కేసిన్ రేణువుల మీదికి చేరిపోతుంది.

అలాంటి పాలకు తోడు వేస్తే రెండు మార్పులు కనిపిస్తాయి. ఒకటి, గడ్డకట్టడం ముందే మొదలవుతుంది. పైన చేరిన వే ప్రొటీన్ల ఆవేశం పీహెచ్ 5.2 దగ్గరే తగ్గిపోతుంది కాబట్టి రేణువులు కలుసుకోవడానికి అంత పులుపు అక్కర్లేదు. రెండు, రేణువుల మధ్య ఈ ప్రొటీన్లు వంతెనల్లా నిలుస్తాయి. అతుకులు ఎక్కువవుతాయి, ఖాళీలు చిన్నవవుతాయి. పరికరాలతో కొలిస్తే కాచిన పాల పెరుగు బిగువు కాచని దానికంటే అనేక రెట్లు ఎక్కువ ఉంటుంది. నీటిని పట్టి ఉంచే శక్తీ పెరుగుతుంది.

మరి పాశ్చరైజేషన్‌లో పాలు వేడెక్కాయి కదా? డెయిరీలో మామూలుగా 72 డిగ్రీల వేడి మీద 15 సెకన్లు ఉంచుతారు. రోగకారక క్రిములు చావడానికి అది చాలు. బీటా లాక్టోగ్లోబ్యులిన్ చుట్ట వీడటానికి మాత్రం చాలదు. ఆ ప్రొటీన్‌లో అత్యధిక భాగం చెక్కుచెదరకుండా పాకెట్‌లో మన ఇంటికి వస్తుంది. పెరుగు తయారుచేసే పరిశ్రమలు అందుకే పాలను వేరే పద్ధతిలో కాస్తాయి: 85 డిగ్రీల మీద అరగంట, లేదా 90 నుంచి 95 డిగ్రీల మీద అయిదు నిమిషాలు. వేడి తగ్గితే సమయం పెరగాలి, వేడి పెరిగితే సమయం తగ్గొచ్చు. 80 డిగ్రీల కంటే దిగువన ఈ పని చాలా నెమ్మదిగా సాగుతుంది.

ఇంట్లో పాలు పొంగు రాగానే దించేస్తాం. పెద్ద గిన్నెలో రెండు లీటర్లు కాస్తే దించాక కూడా చాలాసేపు 80కి పైనే ఉంటాయి. కాబట్టి పని చాలావరకు అయిపోతుంది. పావు లీటరు పాలను పెద్ద మంట మీద పెడితే రెండు మూడు నిమిషాల్లో పొంగుతాయి, వెంటనే వెడల్పు గిన్నెలోకి తిరగబోస్తే చప్పున చల్లారతాయి. ప్రొటీన్‌కు దొరికిన సమయం చాలా తక్కువ. మైక్రోవేవ్‌లో పెట్టినప్పుడు ఒకచోట మరిగి ఇంకోచోట వెచ్చగానే ఉండొచ్చు. అలాంటి పాలతో పెరుగు ఒకరోజు బాగా వచ్చి, మరో రోజు జారుగా రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ తేడా కళ్లతో చూడాలంటే లీటరు టోన్డ్ పాల పాకెట్ ఒకటి చాలు. సగం పాలను గోరువెచ్చగా, అంటే 42 డిగ్రీల వరకే వేడి చేయండి. మిగతా సగాన్ని మూత వారగా పెట్టి పొంగు వచ్చేదాకా కాచి, మంట బాగా తగ్గించి, అంచుల వెంట చిన్న బుడగలు వస్తూ ఉండేలా పది నిమిషాలు ఉంచండి. అడుగంటకుండా మధ్యమధ్య కలపాలి. దించాక తూచి, తగ్గినంత బరువుకు కాచి చల్లార్చిన నీళ్లు కలిపితే చిక్కదనం సమానమవుతుంది. ఇవీ 42 డిగ్రీలకు వచ్చాక, రెండు గిన్నెలకూ ఒకే పెరుగు నుంచి చెంచాడేసి తోడు కలిపి, ఒకే చోట కదపకుండా ఉంచండి. తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు చెంచాతో చెరో గుంట తీయండి. గోరువెచ్చ పాల పెరుగులో గుంట కొద్దిసేపట్లో నీటితో నిండుతుంది, అంచులు కూలతాయి. రెండోదాని అంచులు నున్నగా నిలబడతాయి, నీరు చాలా తక్కువ ఊరుతుంది.

ఇంకో మెట్టు ముందుకు వెళ్లొచ్చు. రెండు పెరుగులనూ విడివిడిగా సన్నని గుడ్డలో వేలాడదీసి, కారిన నీటిని మళ్లీ వడగట్టి, వేర్వేరు గిన్నెల్లో మరిగించండి. గోరువెచ్చ పాల పెరుగు నుంచి వచ్చిన నీరు వేడెక్కేకొద్దీ మబ్బుపట్టి తెల్లటి తునకలు తేలతాయి. ఆ తునకలే అంతదాకా నీటిలో కరిగి ఉన్న వే ప్రొటీన్లు. కాచిన పాల పెరుగు నుంచి వచ్చిన నీరు దాదాపు తేటగానే ఉంటుంది. అందులో ఉండాల్సిన ప్రొటీన్ అప్పటికే పెరుగు గడ్డలో కలిసిపోయింది మరి.

ఒకసారి ఏర్పడిన ఈ బంధాలు చల్లారాక విడిపోవు. పొద్దున బాగా కాచి ఫ్రిజ్‌లో పెట్టిన పాలకు సాయంత్రం తోడు వేయాలంటే మళ్లీ మరిగించనక్కర్లేదు, గోరువెచ్చ చేస్తే సరిపోతుంది. అలాగే, ఎంతసేపు మరిగిస్తే అంత గట్టి పెరుగు అనుకోవడం కూడా సరికాదు. వే ప్రొటీన్ దాదాపు అంతా కేసిన్‌తో కలిసిపోయాక వేడి చేసే అదనపు సాయం లేదు. ఆ పైన వచ్చే గట్టిదనం నీరు ఇగిరినందువల్లే. పల్లెల్లో పిడకల దాలి మీద గంటల తరబడి కాగిన పాలు మీగడ రంగుకు తిరిగి, వాటి పెరుగు కత్తితో కోసేలా ఉండటానికి రెండు కారణాలూ కలిశాయి. పైగా అక్కడ కాగేవి చాలాచోట్ల గేదె పాలు. ఆవు పాల కంటే వాటిలో ప్రొటీన్, వెన్న రెండూ ఎక్కువ. మూడు శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలను ఎంత శ్రద్ధగా కాచినా ఆ గట్టిదనం రాదు. కావాలంటే కాచడానికి ముందే లీటరుకు రెండు మూడు చెంచాల పాలపొడి కలుపుకోవచ్చు.

పెరుగు జారుగా వచ్చిన ప్రతిసారీ తప్పు కాచడంలోనే ఉందనీ చెప్పలేం. ముందు రుచి చూడండి. కమ్మటి పులుపు వచ్చి కూడా గడ్డ నిలవడం లేదంటే బాక్టీరియా తన పని చేసినట్టే, కాచడం చాల్లేదనో, పాలే పలచననో అర్థం. పులుపే లేకుండా పాలపాలగా ఉంటే కాచడంలో లోపం కాదు. తోడు పాతబడి ఉండాలి, లేదా పాలు మరీ వేడిగా ఉన్నప్పుడో మరీ చల్లగా ఉన్నప్పుడో తోడు పడి ఉండాలి. పులుపు బాగా ఎక్కి, గడ్డ పగుళ్లిచ్చి, చుట్టూ నీరు తేలితే తోడుకున్నాక కూడా వెచ్చటి చోట ఎక్కువసేపు వదిలేశారన్నమాట. మొదటి లోపానికి పొంగు తర్వాతి పది నిమిషాలు మందు. మిగతా రెండిటికీ పాలు ఎంత కాచినా ఫలితం ఉండదు.