రంగు కింద పనస చెక్క

పాత మంచాలు, బీరువాలు పారేయకుండా బాగుచేసుకోవడం మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. పది ఇళ్లు చూసి పది మాటలు రాయడం కంటే, వజ్రపుకొత్తూరు మండలంలో మా బంధువుల వసారాలో పడున్న ఒక నవారు మంచం దగ్గరే కూర్చోవడం మేలనిపించింది.

మంచం నిండా పచ్చ ఎనామిల్ రంగు. పండగ పండగకీ పూత మీద పూత వేశారు. వడ్రంగి మేస్త్రీ పట్టెను లోపలివైపు ఉలితో కాస్త గీకాడు. రంగు పెచ్చుగా లేచింది, దాని కింద చాక్లెట్ గోధుమ రంగు చెక్క కనిపించింది. ఇంకొంచెం గీకితే పసుపు! "పనస బాబూ. దీనికి రంగెందుకేసేసినారు?" అన్నాడాయన.

ఈ మండలం ఉన్న ఉద్దానమంటే కొబ్బరి, జీడిమామిడి, పనస. పనస చేవ పసుపుగా ఉండి, వెలుగు తగిలేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. బొబ్బిలి వీణలు చేసేదీ ఈ కర్రతోనే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు తోటలకు తోటలే నేలకూలాయి. చేవ పట్టిన పనస చెట్టు మళ్లీ ఎదగాలంటే ఒక తరం పడుతుంది.

పాలిష్ మాట తర్వాత, ముందు కోళ్ల అడుగు చూడాలన్నాడు మేస్త్రీ. మంచం తిరగేశాం. రోజూ కడిగే గచ్చు మీద నిలబడే కోళ్లు అడుగు నుంచి నీళ్లు పీలుస్తాయి. చుట్టూ ఉన్న ఎనామిల్ ఆ తడిని ఆరనివ్వదు. పైకి నున్నగా కనిపించే కోడు లోపల మెత్తబడి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే మూడు కోళ్లు గట్టిగా ఎదురు తిరిగాయి, నాలుగోదానిలో మొన మూడు అంగుళాలు దిగిపోయింది.

నాలుగు కోళ్లనూ మూడేసి అంగుళాలు కోసి మంచాన్ని పొట్టి చేయడం సులువే. ఆయన ఆ పని చేయలేదు. పాడైన కోడు ఒక్కటే మెత్తదనం పోయేదాకా కోసి, గట్టి భాగం నుంచి ఇంకో నాలుగంగుళాల మేర సగం మందం మెట్టులా తీశాడు. కొత్త పనస ముక్కను అదే కొలతకి చెక్కి రెండూ ఒకదానిమీదొకటి కూర్చాడు. జిగురు రాసి, రెండు కర్ర చీలలు దిగ్గొట్టి, తాడుతో బిగించి మర్నాటి దాకా కదపలేదు. ఇనప మేకులు వద్దన్నాడు. ఉప్పు గాలికి అవి తుప్పు పట్టి, చుట్టూ చెక్కని నల్లగా మార్చేస్తాయి.

పట్టెలకి అక్కడక్కడా సన్నని రంధ్రాలున్నాయి. పురుగు ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి కింద నల్లగుడ్డ పరిచాం. రెండు రోజులకి తెల్లటి పొడి రాలింది, ఉంది! చెదల మందును సిరంజితో ప్రతి రంధ్రంలోకీ ఎక్కించి, పాలిథిన్ చుట్టి వారం వదిలేశాం. ఈ పని పాలిష్‌కి ముందే కావాలి. పూత పడ్డాక మందు చెక్కలోకి దిగదు.

రంగు తీశాక సాండ్‌పేపర్. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, చివరికి 220. తొందరపడి నంబరు దాటేస్తే ముందు పేపరు గీతలు పాలిష్ కింద మెరుస్తాయి. రుద్దడం ఎప్పుడూ చెక్క గీతల వెంబడే. రుద్దిన పట్టె పచ్చి పసుపుగా బయటపడింది, అతికించిన ముక్కా అదే రంగులో కలిసిపోయింది. పసుపు చూసి ఇంట్లోవాళ్లు స్టెయిన్ వేయమన్నారు. వద్దని నేనూ గట్టిగానే చెప్పాను. కొన్ని నెలల వెలుగుకి పనస తన రంగు తనే తెచ్చుకుంటుంది.

లీటరు స్పిరిట్‌లో 150 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి వడగట్టాడు. దూది చుట్టిన గుడ్డతో పల్చగా, పూతకీ పూతకీ అరగంట ఎడంతో ఐదు పూతలు. ముసురు రోజున మాత్రం చేయకూడదు. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తడి అక్కడ పట్టి పూత పాలలా తెల్లబారుతుంది. అలా అయితే ఎండ రోజున స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది. లక్కకి నీళ్లు పడవు కాబట్టి కోళ్ల అడుక్కి వార్నిష్ దట్టంగా పట్టించాడు.

పాత రంగుతో జాగ్రత్త

పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని పదిలక్షల్లో 90 పాళ్లకి పరిమితం చేసిన నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచే. అందుకే పొడిగా రుద్దొద్దు. రంగు తీసే మందు రాసి గీకాలి, లేదా వాటర్ పేపర్‌తో తడిగా రుద్దాలి. ముక్కుకి మాస్క్, పిల్లలు దూరం. పెచ్చులు పెరట్లో ఊడ్చేయకుండా మూటగట్టాలి.

ఎప్పుడు వదిలేయాలి

ప్లైవుడ్ బీరువా పొరలు విడిపోయి ఉబ్బితే సాండ్‌పేపర్‌తో బాగుపడదు. పట్టె మధ్యలో పురుగు తొలిచి, నొక్కితే పొడి అయిపోతుంటే ఆ పట్టె మార్చాల్సిందే. పూత దాని బలం పెంచదు.

ఇక మా మంచానికి వేసిన పాలిష్ గంటలో చేతికి అంటకపోయినా లోపల గట్టిపడడానికి రోజులు పడుతుంది. నవారు బిగించడానికి మేస్త్రీ పదిహేను రోజులు ఆగమన్నాడు. ముందే లాగితే పట్టె మీద నేత అచ్చు దిగిపోతుంది.